పేరు అచ్చుకెక్కే ముందు

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజులు వచ్చాయంటే నడిగూడెం మండలంలోని ఉన్నత పాఠశాలల్లో, రాష్ట్రంలోని మిగతా బళ్ళలో లాగే, ఒక జాబితా తయారవుతుంది. దాన్ని నామినల్ రోల్ అంటారు. పరీక్ష రాయబోయే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఒంటి మీది పుట్టుమచ్చలు అందులో ఉంటాయి. బడి పంపిన ఆ వివరాలే హాల్‌టికెట్ మీదికి వస్తాయి, అక్కడి నుంచి పదో తరగతి సర్టిఫికెట్ మీదికి ఎక్కుతాయి. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం, పాస్‌పోర్టు, వీసా అన్నీ ఆ సర్టిఫికెట్ వైపే చూస్తాయి. పదిహేనేళ్ళుగా తెలుగులో పిలిపించుకున్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కుదురుకునేది చాలామందికి ఇక్కడే.

ఆ జాబితా తయారవుతున్నప్పుడు జరిగే మాటలు ఇలా ఉంటాయి. తరగతి ఉపాధ్యాయుడు అడుగుతాడు: "అమ్మాయి పేరు ఇంగ్లీషులో ఎట్ల రాయాలె?" తండ్రి అంటాడు: "పేరు శ్రీలతనే సారూ. ఇంగ్లీషుల ఎట్ల రాస్తరో మీకే ఎరుక." ఉపాధ్యాయుడు తనకు తోచినట్టు రాస్తాడు. ఇద్దరిలో ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. ఇంగ్లీషులో శ్రీలత అనే పేరుకు సరైన స్పెల్లింగు ఒకటి ఉంటుందని, చదువుకున్నవాళ్ళకు అది తెలిసే ఉంటుందని ఇద్దరూ అనుకోవడమే చిక్కు. అలాంటిదేమీ లేదు. ఉన్నది ఆ పిల్ల పేరు ఇంతకు ముందు ఏ కాగితంలో ఎలా నమోదైంది, ఇక మీదట ఎలా ఉండాలని ఆ ఇంటివాళ్ళు కోరుకుంటున్నారు అన్నది మాత్రమే. అది వినికిడిని బట్టి తేలదు. అడగాలి, కాగితంతో పోల్చాలి, అచ్చులో ఎలా పడుతుందో చూపించి అవుననిపించుకోవాలి.

ఒక పేరు, పన్నెండు రూపాలు

తెలుగు వర్ణమాలలో 56 అక్షరాలు, ఇంగ్లీషులో 26. తెలుగులో త వేరు, ట వేరు. ద వేరు, డ వేరు. ఇంగ్లీషులో ఆ రెండేసికీ ఒక్కొక్క అక్షరమే ఉంది. దక్షిణాది వాళ్ళం త పలకాల్సిన చోట `th` రాసి ట నుంచి విడదీసుకుంటున్నాం. అందుకే మనకు `Latha`, `Kavitha`, `Sunitha`. ఉత్తరాదిలో అవే పేర్లు `Lata`, `Kavita`, `Sunita`. రెండూ తప్పు కాదు. ఇక దీర్ఘాలు. ఈ అన్న అచ్చును కొందరు `i` అంటారు, కొందరు `ee` అంటారు. శ, ష, స మూడింటినీ `s` తోనో `sh` తోనో నెట్టుకొస్తాం. లక్ష్మి `Lakshmi` కావచ్చు, `Laxmi` కావచ్చు. వెంకయ్య `Venkayya` కావచ్చు, `Venkaiah` కావచ్చు.

శ్రీలతనే తీసుకుని లెక్క వేద్దాం. మొదటి ముక్క `Sri`, `Sree`, `Shri` అని మూడు రకాలు. రెండో ముక్క `Latha`, `Lata` అని రెండు. రెంటినీ కలిపి రాయవచ్చు, మధ్యలో ఖాళీ వదలవచ్చు. మూడు రెళ్ళు ఆరు, ఆరు రెళ్ళు పన్నెండు. ఈ పన్నెండింటిలో దేన్ని చదివి వినిపించినా తండ్రి చెవికి తన బిడ్డ పేరే వినిపిస్తుంది. అందుకే పైకి చదివి "సరేనా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ సరే అనే వస్తుంది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలోనూ ఇదే కనిపిస్తుంది. మిర్యాలగూడ ఒక చోట `Miryalaguda`, ఇంకొక చోట `Miryalguda`. కోదాడ `Kodad` అనీ `Kodada` అనీ రెండు రకాలుగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో సాగర్ ఎడమ కాలువకు గండి పడిన నడిగూడెం మండలంలోని కాగితరామచంద్రాపురం పేరు ఇంగ్లీషు వార్తల్లో `Kagita` అనీ `Kagitha` అనీ వచ్చింది. మునగాల సంస్థానంలో పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్న పింగళి వెంకయ్య పేరును ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఈనాటికీ `Venkayya`, `Venkaiah` అని రెండు దారుల్లో పోతున్నారు. ఊరికీ, చరిత్రకెక్కిన మనిషికీ అలా రెండు రూపాలున్నా చదువరులు సర్దుకుపోతారు. బతికున్న మనిషికి రెండు కాగితాల మీద రెండు రూపాలుంటే కౌంటరు దగ్గర ఆ సర్దుబాటు దొరకదు.

భారత ప్రభుత్వం ఊళ్ళ పేర్లను రోమన్ లిపిలోకి తేవడానికి హంటేరియన్ అనే పద్ధతిని వాడుతుంది. పండితులకు ఐఎస్‌ఓ 15919 అనే ప్రమాణం ఉంది. అందులో అక్షరాల కింద చుక్కలు, పైన గీతలు పెట్టి తెలుగులోని ప్రతి అక్షరాన్నీ విడిగా చూపించవచ్చు. వ్యక్తుల పేర్లకు ఈ రెండూ పనికిరావు. చుక్కలు, గీతలు సర్టిఫికెట్ల మీద పడవు. అవి లేకుండా చూస్తే ఈ రెండింటిలో ఏదీ ట కీ త కీ తేడా చూపలేదు. పైగా పేరు ఆ మనిషిది. తల్లిదండ్రులు `Laxmi` అని రాయించుకుంటే అదే ఆమె స్పెల్లింగు. పద్ధతి పేరు చెప్పి దాన్ని దిద్దే హక్కు గుమాస్తాకూ లేదు, ఉపాధ్యాయుడికీ లేదు.

మూలం తెలుగు కాని పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బళ్ళలో ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు చాలామంది ఉంటారు. తెలుగులో మహమ్మద్ అని ఒకే తీరుగా రాసే పేరు ఇంగ్లీషులో `Mohammed`, `Mohammad`, `Muhammad` అని ఉంటుంది. `Mohd`, `Md` అని కుదించి రాసేవాళ్ళూ ఉన్నారు. షేక్ అన్న ఇంటి పేరు మన ప్రాంతంలో ఎక్కువగా `Shaik`, మరో చోట `Shaikh`, `Sheikh`. మేరీ అని తెలుగు రిజిస్టరులో ఉన్న పేరును తెలుగు పలుకుబడి పట్టుకుని `Meri` అని రాస్తే అది కొత్త పేరే అవుతుంది. తెలుగు లిపి ఇలాంటి పేర్లకు మధ్యలో వచ్చిన మెట్టు. అక్కడి నుంచి మొదలుపెట్టి ఇంగ్లీషులోకి పోకూడదు. ఇంట్లో ముందు నుంచి ఎలా రాస్తున్నారో అడగాలి.

కంప్యూటరు ఎలా పోలుస్తుంది

పాత రోజుల్లో రెండు కాగితాల మీద పేరు కొంచెం తేడాగా ఉంటే ఒక అధికారి రెండూ చూసి, మనిషిని చూసి, ఇద్దరూ ఒకరే అని తీర్మానించేవాడు. ఇప్పుడు ఆ పోలిక చాలా చోట్ల కంప్యూటరే చేస్తోంది. దానికి పేరు వినిపించదు. వరుసగా ఒక్కో అక్షరాన్ని పక్కపక్కన పెట్టి చూస్తుంది. మధ్యలో ఖాళీ కూడా దాని లెక్కలో ఒక అక్షరమే.

```
Srilatha
Sri Latha
Sreelatha
```

మనకు ఇవి ఒకే అమ్మాయి. కచ్చితమైన పోలిక చేసే యంత్రానికి ముగ్గురు. విద్యార్థులకు ఇస్తున్న పన్నెండంకెల అపార్ సంఖ్య దగ్గర బళ్ళు దీన్ని బాగా చవిచూశాయి. బడి యూడైస్‌లో నమోదు చేసిన పేరు ఆధార్‌లోని పేరుతో కలిస్తేనే ఆ సంఖ్య పుడుతుంది. కలవకపోతే ఆగిపోతుంది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా మామూలుగా ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది పెట్టేవి నాలుగు. ఒకటి, అక్షరం తేడా. రెండు, మధ్యలో ఖాళీ. మూడు, ఇంటి పేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరంగా ఉందా అన్నది. `Dasari Srilatha`, `D Srilatha` ఒకటి కావు. నాలుగు, ఇంటి పేరు ముందుందా వెనకుందా అన్నది. మన బడి కాగితాల్లో ఇంటి పేరు ముందు వస్తుంది. పెళ్ళయ్యాక ఇంటి పేరు మారిన ఆడవాళ్ళకు ఈ మూడోదీ నాలుగోదీ మరింత తరచుగా అడ్డుపడతాయి.

ఏ కాగితాన్ని పట్టుకోవాలి

అందువల్ల పేరు రాసేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎలా రాయాలి?" అన్నది కాదు. "ఇప్పటికే మీ పేరు ఇంగ్లీషులో ఏ కాగితంలో ఉంది? అది ఒకసారి చూపించండి" అన్నది. పదో తరగతి పిల్లలకు సాధారణంగా మూడు ఆధారాలుంటాయి. జనన ధ్రువపత్రం, బడి అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్. మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాలి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అమ్మాయి దాసరి శ్రీలత, తండ్రి దాసరి వెంకటయ్య. వివరాలు ఇలా ఉన్నాయనుకోండి.

```
జనన ధ్రువపత్రం   : DASARI SREELATHA
అడ్మిషన్ రిజిస్టరు : DASARI SRILATHA
ఆధార్            : D Sree Latha
```

మూడు కాగితాలు, మూడు రూపాలు. బడి మామూలుగా తన రిజిస్టరు చూసి `SRILATHA` అని పంపేస్తుంది. అప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ జనన ధ్రువపత్రంతోనూ కలవదు, ఆధార్‌తోనూ కలవదు. దీన్ని సరిచేయడానికి ఇదే మంచి సమయం. మూడింటిలో రెండింటిని కదిలించి ఒకదాని దగ్గరికి తేవాలి. దేన్ని కదలకుండా ఉంచాలి అంటే, మిగతావాటికి పునాది అయినదాన్ని. ఇక్కడ అది జనన ధ్రువపత్రం. దాన్ని చూపించి ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా, పేరు కలిపి రాయించుకోవచ్చు. దాన్నే ఆధారంగా పెట్టి, పదో తరగతి వివరాలు పోకముందే, రిజిస్టరులోని పేరును నియమాల ప్రకారం సరిచేయమని ప్రధానోపాధ్యాయుడికి దరఖాస్తు పెట్టవచ్చు.

ఆధార్ వైపు ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. కాబట్టి ముందు ఏ రూపం ఖాయమో తేల్చుకుని తర్వాతే ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి. ముందు ఆధార్ మార్చి, ఆ తర్వాత సర్టిఫికెట్ వేరేలా వచ్చిందని మళ్ళీ పరుగెత్తితే ఆ రెండు అవకాశాలూ అయిపోతాయి.

తల్లిదండ్రుల పేర్లనూ ఇదే తీరులో చూడాలి. సర్టిఫికెట్ మీద అవి కూడా పడతాయి. వెంకటయ్య గారి ఆధార్‌లో `Venkataiah` అని ఉంటే కూతురి కాగితంలో `Venkatayya` అని రాయకూడదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ సర్టిఫికెట్లలో ఇంటి పేరు ఒకే తీరుగా ఉండేలా చూసుకుంటే, రేపు కుటుంబం వీసాకో వారసత్వ ధ్రువపత్రానికో దరఖాస్తు చేసినప్పుడు బంధుత్వం రుజువు చేసుకోవడం తేలికవుతుంది.

అడిగే తీరు, చూపే తీరు

ఏ కాగితమూ లేనప్పుడు, లేదా సన్మాన పత్రం కోసమో టికెట్ కోసమో ఫోనులో అడగాల్సి వచ్చినప్పుడు, పేరును నోటితో చెప్పించుకోవడం అన్నిటికన్నా బలహీనమైన పద్ధతి. ఫోనులో `M`, `N` ఒకేలా వినిపిస్తాయి. `B`, `D`, `P`, `T` ఒకదాని స్థానంలో ఒకటి పడతాయి. తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు `A` పేరు ఏ. తెలుగులో ఏ అంటే మనం `E` తో రాసే అచ్చు. ఇంగ్లీషు `E` పేరు ఈ. తెలుగులో ఈ అంటే మనం `I` తో రాసే అచ్చు. "లత తర్వాత ఏ పెట్టండి" అన్న మాటను ఒకరు ఇంగ్లీషు అక్షరంగా, మరొకరు తెలుగు అచ్చుగా వింటే తప్పు అక్కడే పుడుతుంది.

అందుకని ఫోనులో మాట్లాడినా ఆధారం కాగితం ఫొటో తెప్పించుకోవాలి. ఎదురుగా ఉంటే ఆ మనిషి చేతే గళ్ళ కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాయించుకోవాలి. ఒక గడిలో ఒక అక్షరం, ఖాళీ కావాలంటే ఒక గడి ఖాళీగా. గళ్ళు లేకుండా రాస్తే మధ్యలో ఖాళీ ఉందో లేదో రాసినవాళ్ళకే తెలుస్తుంది.

టైపు అయిన తర్వాత రెండో దశ. అచ్చులో ఎలా పడబోతోందో సరిగ్గా అలాగే ఒక నకలు తీసి ఆ మనిషికి చూపించాలి. ఇక్కడ "బాగుందా?" అని అడిగితే పని జరగదు. మన కన్ను తెలిసిన పేరును అక్షరం అక్షరం చూడదు, మొత్తంగా గుర్తుపట్టి ముందుకు పోతుంది. `SREELTHA` అని ఒక అక్షరం జారినా శ్రీలత అనే చదివేస్తుంది. దాన్ని ఆపడానికి మూడు పనులు చేయవచ్చు.

మొదటిది, అక్షరాలు లెక్కపెట్టడం. `SREELATHA` లో తొమ్మిది. నకలులో ఎనిమిదే ఉంటే ఏదో పోయినట్టే. ఇంగ్లీషు చదవడం రాని తల్లిదండ్రులు కూడా ఈ పని నిస్సంకోచంగా చేయగలరు. ఆధార్ కార్డును నకలు పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరాన్ని చూపుతూ రెండు వైపులా రూపం ఒకటేనా అని పోల్చుకోవచ్చు. చదువు రాని వాళ్ళ చేత ఊరికే సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటే అది తనిఖీ అవదు. ఈ పోలిక చేయిస్తే అది నిజమైన తనిఖీ.

రెండోది, చివరి నుంచి మొదటికి చదవడం. ఒకరు ఆధారం కాగితం చూస్తూ వెనక నుంచి ఒక్కో అక్షరం చెబుతుంటే, మరొకరు నకలు మీద టిక్కు పెడుతూ పోవాలి. వెనక నుంచి చదివినప్పుడు అది పేరులా వినిపించదు కనుక కన్ను దాటేయదు.

మూడోది, ఆ మనిషిని ఎరగని వారి చేత ఇంగ్లీషు రూపాన్ని తెలుగులో చదివించడం. `Tirumala` అని రాసినదాన్ని టిరుమల అని చదివితే అక్కడ ఇంటివాళ్ళు కోరుకున్నది `Thirumala` ఏమోనని ఆగి అడగవచ్చు. అయితే ఈ పరీక్షకు ఒక హద్దుంది. `Sri`, `Sree` రెండూ శ్రీ అనే వినిపిస్తాయి కాబట్టి పాత కాగితంతో తేడా ఉన్నా ఇది పట్టుకోలేదు. జారిన అక్షరం, పలుకు మారిన అక్షరం దీనికి దొరుకుతాయి. రూపభేదం మాత్రం పాత కాగితం పక్కన పెడితేనే దొరుకుతుంది. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు

ఇదే ఇబ్బంది ఎదురు దిశలోనూ ఉంది. మనం దాన్ని తక్కువగా పట్టించుకుంటాం. ఆధార్ కార్డు మీద పేరు ఇంగ్లీషులో, తెలుగులో రెండింటిలో ఉంటుంది. ఆపరేటరు ఇంగ్లీషులో టైపు చేస్తే తెలుగు వరుసను సాఫ్ట్‌వేరు ఊహించి నింపుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం, హ్రస్వం తేడా ఉండదు కాబట్టి ఆ ఊహ తరచుగా తప్పుతుంది. `Dasari` దాసరి కావచ్చు, దసరి కావచ్చు. `Sarada` శారద కావలసింది సరద అవుతుంది. `Vani` వాణి అవ్వాల్సింది వని అవుతుంది. `Ramana` రమణా, రామనా అన్నది యంత్రానికి తెలిసే వీలే లేదు, ఆ సమాచారం ఇంగ్లీషు అక్షరాల్లో లేదు.

ఆ వరుసను ఆపరేటరు దిద్దగలడు. పని పూర్తయ్యే ముందు తెర మీద వివరాలు చూసుకోవడానికి, కాగితం మీద చూసుకోవడానికి అవకాశం ఇస్తారు. అక్కడ ఇంగ్లీషు వరుసతో పాటు తెలుగు వరుసనూ చదువుకోవాలి. తెలుగు చదవగలిగిన ఎవరైనా ఈ తప్పును ఒక్క క్షణంలో పట్టేస్తారు. సన్మాన పత్రాలు, పెళ్ళి పత్రికలు, బహుమతి పత్రాలు తెలుగులో అచ్చువేసేవాళ్ళకూ ఇదే మాట. అతిథి పేరును ఇంగ్లీషు జాబితా నుంచి తెలుగులోకి మార్చవద్దు. తెలుగులో ఎలా రాసుకుంటారో ఆయన్నో, ఆ ఇంటివాళ్ళనో అడగండి. ల, ళ తేడా, న, ణ తేడా, ఒత్తులు ఇంగ్లీషు జాబితాలో కనిపించవు.

టికెట్ దగ్గర

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పనికి, అమెరికాకు చదువుకు పోయేవాళ్ళు ఉన్నారు. ఆ ప్రయాణాల విమాన టికెట్ మీద పేరుకు ఆధారం పాస్‌పోర్టు ఒక్కటే. ఆధార్ కాదు, వాట్సాప్‌లో పంపిన పేరు కాదు. పాస్‌పోర్టులోనూ పై భాగంలో కనిపించే పేరుతో పాటు, ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. ఒక్కో వరుసలో 44 గుర్తులు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన నియమం ప్రకారం అందులో `A` నుంచి `Z` దాకా అక్షరాలు, అంకెలు, `<` అనే పూరక గుర్తు తప్ప మరేమీ ఉండవు. మన ఉదాహరణలోని అమ్మాయి పాస్‌పోర్టులో మొదటి వరుస ఇలా ఉంటుంది.

```
P<INDDASARI<<SREELATHA<<<<<<<<<<<<<<<<<<<<<<
```

`IND` తర్వాత ఇంటి పేరు, రెండు పూరక గుర్తులు, ఆ తర్వాత పెట్టిన పేరు. పేరులో రెండు ముక్కలుంటే వాటి మధ్య ఒక పూరక గుర్తు పడుతుంది. ఏది ఇంటి పేరు, ఏది పెట్టిన పేరు అన్న అనుమానం ఎప్పుడు వచ్చినా ఈ వరుస చూస్తే తీరిపోతుంది. టికెట్ మీద అది ఇలా రావాలి.

```
DASARI/SREELATHA MS
```

పేరు అక్షరాలు సరిగ్గా ఉన్నా ఇంటి పేరు, పెట్టిన పేరు తారుమారు కావడం తెలుగువాళ్ళకు తరచుగా ఎదురయ్యే సమస్య. మనం ఇంటి పేరు ముందు చెబుతాం. బుకింగ్ ఫారంలో మొదటి గడి పెట్టిన పేరుది. రాసేవాళ్ళు విన్న వరుసలోనే నింపేస్తారు.

పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేయడం మన దేశంలో కుదురుతుంది. దాని ఫలితం విదేశంలో తెలుస్తుంది. 2022 నవంబరులో యూఏఈ ఒక నియమం తెచ్చింది. పాస్‌పోర్టులో ఒక్క మాటే పేరుగా ఉండి, ఇంటి పేరు గానీ పెట్టిన పేరు గానీ ఖాళీగా ఉన్నవాళ్ళను సందర్శక వీసా మీద రానివ్వబోమని చెప్పింది. అమెరికా వీసాలో ఇలాంటి సందర్భంలో ఉన్న పేరును ఇంటి పేరు గడిలోకి తీసుకెళ్ళి, పెట్టిన పేరు ఉండాల్సిన చోట `FNU` అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అక్కడ తీసుకునే డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా దాకా ఆ మూడక్షరాలు వెంట రావచ్చు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడే రెండు గడులూ నింపుకుంటే ఈ చిక్కు రాదు.

టికెట్‌లో తప్పు పడితే త్వరగా చూసుకున్నవాళ్ళకే మేలు. విమానయాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కొన్న టికెట్‌లో అదే మనిషి పేరులోని తప్పును 24 గంటల లోపు చెబితే అదనపు రుసుము లేకుండా దిద్దాలని మన దేశపు ప్రయాణికుల హక్కుల పత్రం చెబుతుంది. కాబట్టి టికెట్ మెయిల్‌కు రాగానే పాస్‌పోర్టు అడుగు వరుసతో పోల్చుకోవాలి. ఏజెంటు దగ్గర కొన్నవాళ్ళు డబ్బు కట్టక ముందే పేరున్న తెర ఫొటో అడిగి చూసుకోవాలి.

అచ్చయ్యాక తప్పు కనిపిస్తే

పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక తప్పు కనిపిస్తే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అది అచ్చుతప్పా, పేరు మార్పా? బడి రిజిస్టరులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లో తప్పు పడితే అది అచ్చుతప్పు. రిజిస్టరు నకలు, అసలు సర్టిఫికెట్ జతచేసి ప్రధానోపాధ్యాయుడి ద్వారా పరీక్షల బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. రిజిస్టరులోనే ఆ రూపం ఉంటే బోర్డు దృష్టిలో తప్పేమీ జరగలేదు. మనం కోరుతున్నది పేరు మార్పు అవుతుంది. ఆ దారి వేరు, పొడవైనది, ఖర్చుతో కూడినది. సర్టిఫికెట్ కన్నా ముందు చేతికొచ్చే హాల్‌టికెట్ అందుకే విలువైనది. ఏ రూపం అచ్చుకాబోతోందో అది ముందుగా చూపిస్తుంది. పరీక్ష కేంద్రం ఎక్కడ పడిందో చూసినంత శ్రద్ధగా పేర్లనూ చూసి, తేడా ఉంటే ఆ రోజే బడిలో చెప్పాలి.

ఇప్పుడు పుడుతున్న పిల్లల విషయంలో ఈ పని ఇంకా ముందుకు జరిగింది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన, ఆ తర్వాత పుట్టినవాళ్ళకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు, డ్రైవింగ్ లైసెన్సుకు జనన ధ్రువపత్రమే పుట్టుక రుజువు. అంటే ఈ పిల్లల పేరు ఇంగ్లీషులో కుదురుకోబోయేది పదో తరగతి నామినల్ రోల్ దగ్గర కాదు, పంచాయతీ కార్యదర్శి దగ్గర. పుట్టుక నమోదు చేసేటప్పటికి పేరు పెట్టకపోయినా, ఏడాది లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ దాకా గడువుంది. పేరు పెట్టిన రోజునే ఇంటివాళ్ళు కూర్చుని ఇంగ్లీషు స్పెల్లింగు కూడా ఖాయం చేసుకోవాలి. ఇంటి పేరును తండ్రి ఆధార్‌లో ఉన్నట్టే ఉంచి, రెండు ముక్కల పేరైతే కలిపి రాయాలో విడిగా రాయాలో తేల్చుకుని, గళ్ళ కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసుకోవాలి. పంచాయతీలో ఆ కాగితం ఇవ్వాలి. ధ్రువపత్రం చేతికి రాగానే, అక్కడి నుంచి కదలక ముందే, అక్షరాలు లెక్కపెట్టుకోవాలి.